నలుగురు, ఇరవై బిట్లు, తొంభై నిమిషాలు

గ్రూప్-2 నోటిఫికేషన్ పడిందంటే చాలు, హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో స్టడీ గ్రూపులు పుట్టుకొస్తాయి. ఒకే రూంలో ఉండేవాళ్లో, కోచింగ్‌లో ఒకే బెంచీవాళ్లో ఆరేడుగురు కలిసి రోజూ సాయంత్రం చదువుకుందామని అనుకుంటారు. మొదటి వారం పుస్తకాలు తెరుచుకుంటాయి. రెండో వారం పోస్టుల సంఖ్య, వాయిదా పుకార్లు, కటాఫ్ లెక్కలు మొదలవుతాయి. నెల తిరిగేసరికి టీ కొట్టు ముచ్చట్లే మిగులుతాయి. వీళ్లెవరూ బద్ధకస్తులు కారు. కలిసి కూర్చుని ఏం చేయాలో ముందే తేల్చుకోకపోవడంతోనే చిక్కంతా వస్తుంది.

చాలా గ్రూపులు చేసేది ఒకే గదిలో కూర్చుని ఒకే పాఠం చదవడం. ఒక్కొక్కరి వేగం ఒక్కోలా ఉంటుంది. ముందు ముగించినవాడికి పనుండదు కాబట్టి పక్కవాణ్ని పలకరిస్తాడు. బాతాఖానీ మొదలయ్యేది అక్కడే. 1970లలో అమెరికాలోని బర్క్‌లీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉరీ ట్రైస్‌మన్ అనే గణిత పరిశోధకుడు విద్యార్థులు కాలిక్యులస్ ఎలా చదువుతున్నారో దగ్గరుండి గమనించాడు. బాగా రాణిస్తున్న చైనీస్ మూలాల విద్యార్థులు ముందు ఎవరికి వారు లెక్కలు చేసుకుని, ఆ తర్వాత కలిసి జవాబులు పోల్చుకునేవారు, ఒకరినొకరు పరీక్షించుకునేవారు. వెనకబడుతున్న నల్లజాతి విద్యార్థులు కష్టపడేవారే కానీ, ఎక్కువమంది మొదటి నుంచి చివరి దాకా ఒంటరిగానే చదివేవారు. తప్పు ఎక్కడ జరుగుతోందో చెప్పే మనిషి వాళ్లకు దొరకలేదు. మన గ్రూపులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. చదవడం ఇంట్లో, సరిచూసుకోవడం నలుగురిలో.

మనుషులు నలుగురైతే సరిపోతుంది. ఆరేడుగురైతే ఇద్దరు వాదించుకుంటారు, మిగతావాళ్లు ప్రేక్షకులవుతారు. ఇద్దరే అయితే ఒకరు ఊరెళ్లిన రోజు గ్రూపే ఉండదు. అందరూ ఒకే స్థాయిలో ఉండనక్కర్లేదు. అందరూ ఒకే పరీక్షకు, ఒకే వారంలో, ఒకే భాగం చదవడం మాత్రం తప్పనిసరి.

ఆ నలుగురికీ వారం వారం మారే నాలుగు పనులుంటాయి. ఒకరు బిట్లు తయారుచేసి తెస్తారు. కీతో పాటు ప్రతి జవాబూ ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో రాసుకొస్తారు. ఒకరు టైం చూస్తారు. ఒకరు తేలని ప్రశ్నలు, తప్పిన ప్రశ్నలు నోట్‌బుక్‌లో ఎక్కిస్తారు. నాలుగో మనిషి పని ‘ఎందుకు?’ అని అడగడం. సరైన జవాబు వచ్చినా కారణం చెప్పించకుండా వదలకూడదు. వీటిలో బిట్లు చేయడమే కష్టం, ఎక్కువ నేర్పేదీ అదే. నమ్మేలా ఉండే మూడు తప్పు జవాబులు రాయాలంటే పాఠంలో జనం ఎక్కడ బోల్తా పడతారో తెలియాలి కదా.

తెలంగాణ గ్రూప్-2 రెండో పేపర్‌లో 50 మార్కులు రాజ్యాంగం, రాజకీయాలవి. ఈ వారం ప్రాథమిక హక్కులు, రిట్లు చదువుకు రావాలనుకున్నారనుకుందాం. కూర్చునేది 90 నిమిషాలు. మొదటి 20 నిమిషాలు మాటల్లేవు. 20 బిట్లకు ఎవరి కాగితం మీద వాళ్లు జవాబులు పెడతారు. తర్వాత 5 నిమిషాల్లో ఎవరు ఏ ఆప్షన్ పెట్టారో చదువుతారు. నలుగురూ ఒకటే పెట్టి, అది కీతో కలిస్తే చర్చ అనవసరం. నలుగురూ కలిసి తప్పు పెడితే ఆ బిట్టు చర్చకు రావాల్సిందే. అలా 12 పోయి 8 మిగిలాయనుకుంటే, ఒక్కోదానికి 5 నిమిషాల చొప్పున 40 నిమిషాలు. అసలు చదువు ఇక్కడే జరుగుతుంది.

ఒక బిట్టు చూద్దాం. చట్టం అనుమతి లేకుండా ఒకరి భూమిని ప్రభుత్వం తీసుకుంది. 300ఎ అధికరణ ఉల్లంఘన ఒక్కటే కారణంగా చూపి ఆ మనిషి ఏ అధికరణ కింద రిట్ వేయాలి? ఇద్దరు 32 పెట్టారు, ఇద్దరు 226 పెట్టారు. తప్పు పెట్టినవాళ్లు ముందు మాట్లాడాలన్నది నియమం. బాగా తెలిసినవాళ్లు మొదలుపెడితే అది ఉపన్యాసమై, మిగతావాళ్లు తలూపి ఊరుకుంటారు.

“ఆస్తి హక్కు రాజ్యాంగంలోనే ఉంది కదన్నా, మరి 32 ఎందుకు పనికిరాదు?”

“రాజ్యాంగంలో ఉన్నవన్నీ ప్రాథమిక హక్కులేనా చెల్లె?”

ఇప్పుడు పుస్తకం తెరవాలి. 1978లో 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసి 300ఎలో పెట్టింది. 32 కింద సుప్రీంకోర్టుకు వెళ్లడం ప్రాథమిక హక్కుల కోసమే. 226 కింద హైకోర్టు ఇతర హక్కుల కోసం కూడా రిట్ ఇవ్వగలదు. కాబట్టి జవాబు 226. ఈ ఒక్క బిట్టుతో రెండు కోర్టుల పరిధి, ఒక సవరణ, ఒక అధికరణ కలిసి గుర్తుండిపోతాయి. తప్పు పెట్టి, దాన్ని సమర్థించుకోబోయి దొరికిపోయినవాళ్లు దీన్ని అంత తేలిగ్గా మర్చిపోరు.

5 నిమిషాల్లో తేలని బిట్టు నోట్‌బుక్‌లోకి వెళ్తుంది. దాన్ని తేల్చి చెప్పే పూచీ ఒకరి పేరు మీద ఉండాలి. తర్వాతి 15 నిమిషాలు పాత వారాల్లో తప్పిన ప్రశ్నలు మళ్లీ అడుగుతారు. చివరి 10 నిమిషాల్లో వచ్చే వారం ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా, బిట్లు ఎవరివి అన్నది రాసుకుని లేస్తారు.

ఇంత పనున్నా ముచ్చట్లు దూరతాయి. ముందుగా దూరేది ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఎదురుచూసే పావుగంటలో. అందుకే ఇద్దరున్నా చెప్పిన టైంకి బిట్లు మొదలుపెట్టాలి. లేటుగా వచ్చినవాళ్లకు మిగిలిన నిమిషాలే. రెండోది పరీక్ష వార్తలు. ఇవి చదువులాగే కనిపిస్తాయి కాబట్టి ఎవరూ ఆపరు. ‘కోర్టులో కేసు పడిందట’ అని ఎవరైనా అనగానే టైం చూసేవాళ్లు దాన్ని ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టాలి. 90 నిమిషాలయ్యాక టీ తాగుతూ ఆ కాగితం తీయొచ్చు. అప్పటికి సగం వార్తలు ఎవరికీ అక్కర్లేకుండా పోతాయి. వాట్సాప్‌లోనూ బిట్లకు ఒక గ్రూపు, వార్తలకు మరొకటి ఉంటే మంచిది. మూడోది, చదవకుండా వచ్చిన మనిషి. చర్చలో చెప్పేదేమీ లేక జోకులు మొదలుపెడతాడు. పరీక్ష అతనూ రాయాలి. ఆ రోజుకు టైం చూసే పని అతనికే ఇస్తే చేతికి పనుంటుంది. వరుసగా మూడు వారాలు ఇలాగే వస్తే మాత్రం మొహమాటం లేకుండా అడగాలి.

లైబ్రరీ హాల్లో ఈ పని సాగదు, అక్కడ మాట్లాడకూడదు. ఎవరి రూంలోనైనా కూర్చోవచ్చు కానీ మంచాల మీద మాత్రం వద్దు. నడుం వాలిస్తే 90 నిమిషాలు నిలవడం కష్టం.

గ్రూపుతో కాని పనులూ ఉన్నాయి. పాఠం మొదటిసారి చదవడం, అరిథ్‌మెటిక్‌లో వేగం పెంచుకోవడం ఒంటరిగా చేసేవే. నలుగురూ ఒకే తప్పును నమ్మే ప్రమాదమూ ఉంది. కీ తయారుచేసినవాళ్లూ అదే తప్పు నమ్మితే ఎవరికీ అనుమానం రాదు. కీ పక్కన పేజీ నంబరు అడిగేది అందుకే. తెలుగు అకాడమీ పుస్తకమో, రాజ్యాంగ ప్రతో చూపించలేని జవాబును తేలని ప్రశ్నగానే రాసుకోవాలి.

నాలుగు వారాలయ్యాక, చర్చకు వచ్చిన బిట్లన్నీ కలిపి ఎవరికి వారు మళ్లీ రాయండి. వారానికి 8 అయితే 32 బిట్లు. వాటిలో సగానికి కూడా సరైన జవాబు రాకపోతే, కూర్చున్న సమయమంతా వాదనలకే పోయిందని అర్థం. అప్పుడు నోట్‌బుక్ తిరగేసి చూడండి. పాత ప్రశ్నల 15 నిమిషాలు ఎన్ని వారాలు ఎగ్గొట్టారో అందులోనే తెలిసిపోతుంది. వాటిని తిరిగి పెట్టుకున్నాక కూడా మరో నెలకు మార్కులు కదలకపోతే గ్రూపు మానేసి ఆ గంటన్నర విడిగా చదువుకోండి.