మీగడ పొరల రబ్డీ

కాశీలోనో మథురలోనో రబ్డీ కొట్టు ముందు నిలబడితే, వెడల్పాటి మూకుడు అంచుల చుట్టూ అట్టలు కట్టిన మీగడ కనిపిస్తుంది. రబ్డీ రుచంతా ఆ పొరల్లోనే ఉంది. పాలను గరిటెతో ఆపకుండా కలియబెడితే బాసుంది లాంటిది తయారవుతుంది, రబ్డీ కాదు.

ఇంట్లో చేయాలంటే 2 లీటర్ల చిక్కటి గేదెపాలు, అడుగు మందంగా ఉన్న మూకుడు కావాలి. పాలు ఒక పొంగు రాగానే మంట బాగా తగ్గించాలి. తెర్లితే మీగడ నిలవదు, పాలు సన్నగా కదులుతుంటే చాలు. పైన నీరు ఆవిరై మాంసకృత్తులు, కొవ్వు కలిసి పలుచటి తెర కడతాయి. విసనకర్రతో విసిరితే ఇంకా త్వరగా కడుతుంది. ఆ తెరను ముడతపడేలా మెల్లగా పక్కకు లాగి మూకుడు గోడకు అంటించాలి. మళ్లీ కట్టాక మళ్లీ లాగాలి. మధ్యమధ్య అడుగు గీకకపోతే మాడు వాసన పడుతుంది. అది ఏలకులకు కూడా లొంగదు!

పాలు మూడో వంతుకు దిగాకే 100 గ్రాముల పంచదార వేయాలి. ముందే వేస్తే అడుగంటుతుంది, రంగు ముదురుతుంది. వేయగానే కాస్త పలచబడుతుంది, కంగారుపడి మంట పెంచొద్దు. ఐదు నిమిషాలు అలాగే ఉంచి దించాలి. గోడల మీది మీగడను పెచ్చులుగా గీకి పాలలోకి జార్చి, ఒకటి రెండుసార్లు మాత్రమే కలపాలి. చల్లారాక ఇంకొంచెం చిక్కబడుతుంది కనుక, కాస్త జారుగా ఉన్నప్పుడే పొయ్యి ఆపేయాలి.