లాభం పెంచమన్న మేనేజరు, ఎంట్రీ వేయాల్సిన జూనియరు

సీఏ విద్యార్థులకు నీతి నియమాల పాఠంలో ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఇలా ఉంటుంది. కిందటేడు సీఏ పూర్తిచేసిన అమ్మాయి పంపులు తయారుచేసే కంపెనీలో జూనియర్ అకౌంటెంటుగా చేరింది. మార్చి 31 లెక్కలు ముగించేసరికి లాభం కోటీ 60 లక్షలు తేలింది. బ్యాంకు అప్పు కొనసాగాలంటే రెండు కోట్లు కనిపించాలి. మేనేజరు రెండు పనులు చెప్పాడు. ఏప్రిల్ 4న పంపిన 90 లక్షల సరుకును మార్చి అమ్మకంగా చూపాలి. ఆ సరుకు ఖర్చు 60 లక్షలు కాబట్టి 30 లక్షల లాభం వస్తుంది. రానిబాకీల కోసం పక్కన పెట్టిన 25 లక్షలను పదికి తగ్గిస్తే మరో 15 లక్షలు. మొత్తం రెండు కోట్ల 5 లక్షలు. "అందరూ చేసేదేనమ్మా. నీ కన్ఫర్మేషన్ కాగితం కూడా నా టేబుల్ మీదే ఉంది," అన్నాడు. ఆమెకు ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. లాభం పెరిగితే ఆయనకు బోనస్ వస్తుంది.

ఆమె ఏం చేయాలి?

చాలామంది "ఒప్పుకోకూడదు, రాజీనామా చేయాలి" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. తప్పు కాదుగానీ, అది ముగింపు నుంచి మొదలుపెట్టడం. మంచి జవాబు ముందు లెక్కను చూస్తుంది. ఆ రెండు సర్దుబాట్లూ ఒకే రకం కావు. ఏప్రిల్‌లో బయలుదేరిన సరుకు మార్చి 31న కంపెనీ గోదాములోనే ఉంది, కొనుగోలుదారు చేతికి పోలేదు. డెలివరీ చలానా మీద తేదీ చూస్తే చాలు, అందులో అభిప్రాయానికి చోటు లేదు. రానిబాకీ అలా కాదు, అది అంచనా. మార్చి తర్వాత ఆ పార్టీ డబ్బు కట్టి ఉంటే పది లక్షలే సరైన అంకె కావచ్చు. కాబట్టి ఆమె తగ్గించడానికి ఆధారం చూపమని అడగాలి. బ్యాంకుకు రెండు కోట్లు కావాలన్నది ఆధారం కాదు.

తర్వాత ముప్పులు. ఇన్‌స్టిట్యూట్ నియమావళి ఐదింటిని చెబుతుంది: స్వప్రయోజనం, సొంత పనిని తానే సమీక్షించుకోవడం, పక్షం వహించడం, అతి పరిచయం, బెదిరింపు. ఐదూ వరసగా రాసేయడం పరీక్షలో మామూలుగా చేసే పొరపాటు. ఇక్కడ కథలో ఉన్నవి మూడే. కన్ఫర్మేషన్ కాగితం ప్రస్తావన బెదిరింపు. ఉద్యోగం నిలుపుకోవాలన్న ఆమె ఆరాటం స్వప్రయోజనం. ఉద్యోగం ఇప్పించాడన్న మొహమాటం అతి పరిచయం. మేనేజరు బోనస్ ఆయన స్వప్రయోజనమే తప్ప ఆమెది కాదు. ఆయన మాటను ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి మాత్రం అది పనికొస్తుంది. ఈ మూడూ దెబ్బతీసేది ముఖ్యంగా ఆమె నిజాయితీని, నిష్పాక్షికతను.

రక్షణ చర్యల దగ్గరే జవాబులు ఎక్కువగా జారిపోతాయి. బెదిరింపును తట్టుకోవడానికి చర్యలున్నాయిగానీ, తప్పుడు ఎంట్రీని సరైనదిగా మార్చే చర్య ఏదీ లేదు. అది వేయడం మానేయడమే మార్గం. ఆ మాట మేనేజరుతో మర్యాదగా, చలానా చూపించి చెప్పాలి: "సార్, ఈ సరుకు ఏప్రిల్‌లో వెళ్లింది, మార్చిలో వేయలేను." ఎవరు, ఎప్పుడు, ఏం అడిగారో తేదీతో రాసి పెట్టుకోవాలి. ఆయన వినకపోతే పైన ఉన్న ఫైనాన్స్ డైరెక్టరు దగ్గరికి, అక్కడా కుదరకపోతే ఆడిట్ కమిటీ ఉంటే దాని దగ్గరికి వెళ్లాలి. కంపెనీ పేరు బయటపెట్టకుండా ఇన్‌స్టిట్యూట్ సలహా గానీ, లాయరు సలహా గానీ అడగవచ్చు. గోప్యత కూడా నియమమే కాబట్టి నేరుగా పత్రికలకు ఎక్కడం తగదు. ఇవన్నీ అయ్యాకా లెక్క మారకపోతే, ఆ లెక్కలతో తన పేరు ముడిపడకుండా తప్పుకోవాలి. రాజీనామా వచ్చేది అప్పుడు.

ఇలాంటి ఒత్తిడి అనగానే తెలుగువాళ్లకు 2009 నాటి సత్యం గుర్తొస్తుంది. జూనియరుకు మరింత దగ్గరి కథ అమెరికాలో వరల్డ్‌కామ్‌ది. అక్కడ మధ్యస్థాయి అకౌంటెంటు బెట్టీ విన్సన్ 2000లో పైవాళ్లు చెప్పిన ఎంట్రీలు వేసింది. మనసొప్పక రాజీనామా లేఖ రాసుకుంది, కానీ ఇవ్వలేదు. ఈ ఒక్కసారే అన్నవాళ్లు తర్వాతి త్రైమాసికాల్లోనూ అడిగారు. ఆదేశం పైనుంచి వచ్చిందన్న వాదన ఆమెను కాపాడలేదు. 2005లో కోర్టు ఐదు నెలల జైలు శిక్ష వేసింది.

మన దగ్గర 2023 ఏప్రిల్ నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో నమోదయ్యే ఏర్పాటు తప్పనిసరి, దాన్ని ఆపేయడానికి వీల్లేదు. మేనేజరు నోటిమాటగా చెప్పింది ఆ నమోదులో ఎక్కడా ఉండదు. ఉండేది ఎంట్రీ వేసినవాళ్ల లాగిన్.