చెదలు పట్టిన గుమ్మం, ఓనరుకు ఉత్తరం

అద్దె ఇంట్లో చెదలు కనబడగానే మనం చేసే మొదటి పని చీపురు తీయడం. గుమ్మం మీద పాకిన మట్టి గీతను దులిపేసి, ఇంత కిరోసిన్ చల్లి, ఆ తర్వాత తీరిగ్గా ఓనరుకు ఫోన్ చేస్తాం. ఆయన వచ్చేసరికి అక్కడ చూడటానికేమీ ఉండదు. "పోయాయి కదండీ" అని ఆయన వెళ్లిపోతారు. ఈ విషయం ఫోన్లో తేలేది కాదు. కాగితం మీద పెట్టాలి, అదీ ఆ గీత చెరిగిపోకముందే.

ఆ గీత చెదపురుగులకు సొరంగం లాంటిది. ఒంట్లో తడి ఆరిపోకుండా, చీమల కంట పడకుండా మట్టిలోని గూటి నుంచి చెక్క దాకా అందులోనే తిరుగుతాయి. దాన్ని దులిపేస్తే మళ్లీ కట్టుకుంటాయి, లేదంటే ఇంకోచోట దారి చూసుకుంటాయి. గుడ్లు పెట్టే రాణి మట్టి లోపల భద్రంగా ఉంటుంది. పైన చల్లిన మందు పైకి వచ్చినవాటినే చంపుతుంది. అందుకే ఉత్తరంలో "మందు కొట్టించండి" అని ఊరుకుంటే, పంపుతో ఓ పావుగంట చల్లించి ఓనరు తన పని అయిపోయిందనుకుంటారు.

విజయవాడలో ఒక పాత ఇంటి కింది వాటాలో అద్దెకుంటున్నవాళ్లు రాస్తున్నారనుకుందాం.

"సార్, నమస్కారం. జూలై 6న వంటింటి గుమ్మానికి ఎడమవైపు, నేల నుంచి మూరెడు ఎత్తు వరకు చెదల మట్టి గీత చూశాం. అక్కడ తడితే చెక్క డొల్లగా మోగుతోంది. హాల్లో గోడ బీరువా వెనక చెక్క కూడా మెత్తబడింది. ఫొటోలు పంపుతున్నాం. మీరు చూసేదాకా ఆ గీతలను కదపం. లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లకు చూపించి, గోడ వెంట నేలకు రంధ్రాలు వేసి మందు ఎక్కించే పద్ధతిలో చేయించమని మనవి. వారం లోపల ఎవరినైనా పంపగలరా? సాయంత్రం ఆరు దాటాక ఇంట్లోనే ఉంటాం. పని జరిగే రోజుకు బీరువాలు ఖాళీ చేసి, సామాను గోడలకు దూరంగా జరిపి ఉంచుతాం. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది కాబట్టి ఏ మందు వాడతారో, ఎంతసేపు బయట ఉండాలో ముందుగా చెప్పించండి."

ఇందులో నిందలేదు, బెదిరింపూ లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత ఎత్తు అన్నది ఉంది. డొల్ల చప్పుడు గురించి రాయడం ముఖ్యం, ఎందుకంటే చెదలు పై పొరను వదిలి లోపలి చెక్కను తింటాయి. రంగు వేసిన గుమ్మం చూడ్డానికి బాగానే ఉంటుంది. తొలకరికి కిటికీ దగ్గర ఉసిళ్ల రెక్కలు రాలి ఉంటే అదీ రాయవచ్చు కానీ, అదొక్కటే రుజువు కాదు. దీపం వెలుగుకు అవి వీధిలోంచి కూడా వస్తాయి.

ఉత్తరంలో అడిగిన పని ఇలా సాగుతుంది. గోడా నేలా కలిసే చోట సుమారు అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేస్తారు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందును నీళ్లలో కలిపి వాటిలోకి ఎక్కిస్తారు. అది గచ్చు కింది మట్టిలోకి ఇంకాక సిమెంటుతో పూడుస్తారు. ఇమిడాక్లోప్రిడ్ వాసన చెదలకు తెలియదు. తప్పుకుపోకుండా అందులోంచే నడిచి, ఒకదాన్నుంచి ఒకదానికి అంటించుకుంటాయి. చెక్కకు వేరేగా సన్నటి రంధ్రాలు వేసి మందు పట్టిస్తారు. నేల కింద నీళ్ల పైపులు ఎటు పోతున్నాయో ఓనరుకే తెలుస్తుంది. ఆయన దగ్గరుండటం మంచిది. పై అంతస్తు ఫ్లాటయితే చెదలు పైపుల డక్టు గుండా ఎక్కి ఉండవచ్చు. అప్పుడు ఒక్క ఫ్లాటుకు చేయిస్తే సరిపోదు, అసోసియేషన్‌కూ ఒక కాపీ ఇవ్వాలి.

ఇక డబ్బు ఎవరిది? ముందు అగ్రిమెంటు చూడండి. బొద్దింకలకు జెల్ పెట్టించడం వంటివి చాలాచోట్ల అద్దెకున్నవాళ్ల మీదే పడతాయి. కానీ గచ్చు కింది నుంచి వచ్చి గుమ్మాలను తినే చెదలు ఇంటికి పట్టిన జబ్బు, వాడకం వల్ల వచ్చింది కాదు. ఓనరు చేయించాల్సిన రిపేరును నోటీసు ఇచ్చాక కూడా సకాలంలో చేయించకపోతే, అద్దెదారు చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే అదే చెల్లుతుంది. ఆ ఉత్తరం లేకపోతే నోటీసు ఇచ్చామని చూపడం కష్టం. అలాగని అడక్కుండా అద్దె కోసేయడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే.

ఉత్తరం వాట్సాప్‌లో పంపినా చాలు, జవాబు రాకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. పని అయ్యాక బిల్లు, గ్యారంటీ కార్డుల ఫొటో తీసి దాచుకోండి. గడువులోపు చెదలు మళ్లీ కనిపిస్తే వాళ్లను ఉచితంగా రప్పించడానికి ఆ కార్డే అడుగుతారు.