నీలి నాలుక చెప్పేదెంత, దాచేదెంత?

కంప్యూటర్ పక్కన ఉండే దీర్ఘచతురస్రపు యూఎస్‌బీ సాకెట్‌లోకి తొంగి చూస్తే సన్నని ప్లాస్టిక్ పలక ఒకటి కనిపిస్తుంది. దాన్నే నాలుక అంటారు. కొన్నింటిలో అది నల్లగానో తెల్లగానో ఉంటుంది, కొన్నింటిలో నీలంగా ఉంటుంది. నీలం వేగానికి గుర్తని చాలామందికి తెలుసు. అయితే ఆ గుర్తును ఎంతవరకు నమ్మవచ్చో తెలిసినవాళ్లు తక్కువ.

1996లో వచ్చిన తొలి యూఎస్‌బీకి సెకనుకు 12 మెగాబిట్లే గరిష్ఠ వేగం. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 దాన్ని 480కి పెంచింది. ఈ రెంటికీ నాలుగే పిన్నులు. అంచుల్లో ఉన్న రెండూ కరెంటు కోసం, నడుమనున్న రెండూ సమాచారం కోసం. ఆ నడిమి జత మీద ఒక సమయంలో ఒక దిక్కుకే సమాచారం వెళ్లగలదు. కంప్యూటర్ పంపుతున్నంతసేపు డిస్కు వింటుంది, డిస్కు పంపుతున్నంతసేపు కంప్యూటర్ వింటుంది. ఊళ్లో ఒంటిదారి వంతెన మీద బండ్లు వంతులవారీగా దాటినట్టే.

2008 నవంబరులో యూఎస్‌బీ 3.0 రూపొందినప్పుడు వేగం ఒక్కసారిగా సెకనుకు 5 గిగాబిట్లకు చేరింది. దాని కోసం పాత జతను ముట్టుకోలేదు. పక్కనే కొత్తగా రెండు జతలు వేశారు, ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి. వాటి నడుమ ఒక గ్రౌండ్ పిన్ను పెట్టారు. అలా ఐదు అదనపు పిన్నులొచ్చి మొత్తం తొమ్మిదయ్యాయి. పాత నాలుగూ ఉన్నచోటే ఉన్నాయి కాబట్టి పాత పెన్‌డ్రైవ్ కొత్త సాకెట్‌లోనూ, కొత్త డిస్కు పాత సాకెట్‌లోనూ పనిచేస్తాయి. ఈ ఏర్పాటులోని తెలివి అదే. తికమకంతా మొదలయ్యేదీ అక్కడే. బయటి ఆకారం ఒకటే కావడంతో ఏది పాతదో ఏది కొత్తదో తెలియదు. అందుకే కొత్త ప్లగ్గులకూ సాకెట్లకూ నీలి రంగు వాడమని యూఎస్‌బీ 3.0 ప్రమాణ పత్రం సూచించింది, పాంటోన్ 300 సీ అనే ఫలానా నీలమని కూడా చెప్పింది. కానీ అది సిఫారసే, నిబంధన కాదు.

సిఫారసు కావడంతో ఎవరిష్టం వారిదైంది. ఆపిల్ కంపెనీ 2012 నుంచి తన ల్యాప్‌టాప్‌లలో యూఎస్‌బీ 3.0 పెట్టింది, నాలుకకు మాత్రం నీలం వేయలేదు. అందానికి ప్రాధాన్యమిచ్చే మరికొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలోనూ వేగవంతమైన సాకెట్లు నల్లగానే ఉంటాయి. దీనికి విరుద్ధంగా, కొన్ని ఫోన్ ఛార్జర్లలో నాలుక నీలంగానో ఆకుపచ్చగానో నారింజగానో కనిపిస్తుంది. ఛార్జర్‌కు సమాచార వేగంతో పనేముంది? అక్కడ రంగు సమాచార వేగానికి గుర్తు కాదు. ఎరుపు, పసుపు నాలుకలకూ ఏకాభిప్రాయం లేదు. ఒక మదర్‌బోర్డులో ఎరుపు 10 గిగాబిట్లకు గుర్తైతే, ఒక ల్యాప్‌టాప్‌లో మెషిన్ ఆఫ్ చేసినా ఫోన్ ఛార్జ్ అయ్యే సాకెట్‌కు గుర్తు. అన్నింటికన్నా చిరాకు పెట్టేవి చవక పెన్‌డ్రైవ్‌లు, హబ్‌లు. వాటిలో కొన్నింటికి నీలి ప్లాస్టిక్ ఉంటుంది, లోపల మాత్రం నాలుగే పిన్నులు.

కాబట్టి రంగును ఊహగా తీసుకుని, పిన్నులను లెక్కపెట్టాలి. ప్లగ్గుతో మొదలుపెట్టడం తేలిక. ఫోన్ టార్చి వేసి, ఖాళీ సగం పైకి వచ్చేలా పట్టుకుని లోపలికి చూడాలి. నాలుక ముందు భాగంలో పొడవైన నాలుగు రేకులు ఏ ప్లగ్గులోనైనా ఉంటాయి. వాటికి వెనక, లోతుగా, చిన్నచిన్న ఐదు మెరుపులు వరసగా కనిపిస్తే అది యూఎస్‌బీ 3 ప్లగ్గు. వెనక వట్టి ప్లాస్టిక్కే ఉంటే నాలుక ఎంత నీలంగా ఉన్నా అది యూఎస్‌బీ 2.0.

సాకెట్‌లో ఈ వరస తిరగబడుతుంది. ప్లగ్గు మొన లోపలిదాకా వెళ్తుంది కదా, అందువల్ల ప్లగ్గు లోతులో ఉన్న ఐదింటికి జోడీ సాకెట్ మూతి దగ్గరే ఉండాలి. నాలుక ముందంచుకు దగ్గరగా ఐదు చిన్న రేకులు, వాటి వెనక నాలుగు స్ప్రింగు పిన్నులు కనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఇవి నాలుక కింది వైపు ఉంటాయి, కాస్త వంగి చూస్తే తప్ప దొరకవు. ప్లగ్గు పూర్తిగా దిగకపోతే ఈ ఐదూ కలవక, పాత నాలుగే పనిచేసి, డిస్కు 2.0 వేగంతో నడవవచ్చు. బాగున్న డిస్కు ఉన్నట్టుండి మందగిస్తే, తీసి ఒకసారి గట్టిగా గుచ్చి చూడటం వృథా కాదు.

పిన్నుల లెక్కకూ ఒక హద్దుంది. 2013లో 10 గిగాబిట్ల రకం వచ్చినప్పుడు ఈ ఆకారపు సాకెట్‌కు కొత్త పిన్నులేవీ చేర్చలేదు. తొమ్మిది పిన్నుల సాకెట్ 5 గిగాబిట్లదా, 10 గిగాబిట్లదా అనేది కంటితో తేల్చలేం. పైగా పేర్లు కూడా మారుతూ వచ్చాయి. యూఎస్‌బీ 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 మూడూ ఒకటే, అవే 5 గిగాబిట్లు. కొనేటప్పుడు 3.2 అన్న అంకెను చూసి మురిసిపోకుండా గిగాబిట్లు ఎన్నో అడగడం మంచిది.

సాకెట్ వెనక ఏముందన్నదీ కంటికి కనిపించదు. డెస్క్‌టాప్ పెట్టె ముందు వైపు సాకెట్లను తీసుకుందాం. అవి నీలంగా ఉంటాయి, తొమ్మిది పిన్నులూ ఉంటాయి. వాటి నుంచి లావుపాటి కేబుల్ ఒకటి మదర్‌బోర్డు మీది 19 పిన్నుల కనెక్టర్‌కు వెళ్లాలి. పాత మదర్‌బోర్డులో ఆ కనెక్టర్ లేకపోతే, బిగించినవాళ్లు చిన్న మారుపిడి ముక్క పెట్టి యూఎస్‌బీ 2.0 కనెక్టర్‌కు కలిపేస్తారు. పెన్‌డ్రైవ్ పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పెళ్లి వీడియో 40 గిగాబైట్లది బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కిస్తే తేడా బయటపడుతుంది. 2.0 దారిలో నిజంగా అందేది సెకనుకు 35 మెగాబైట్లు అనుకుంటే పని పూర్తవడానికి దాదాపు 19 నిమిషాలు. అదే డిస్కు వెనక వైపు అసలైన నీలి సాకెట్‌లో సెకనుకు 110 మెగాబైట్లు రాసుకోగలిగితే 6 నిమిషాల్లో అయిపోతుంది. ఇక్కడ 5 గిగాబిట్లు పూర్తిగా వాడుకోకపోవడానికి కారణం సాకెట్ కాదు, తిరిగే పళ్లెమున్న డిస్కుకు అంతకన్నా వేగం లేకపోవడమే.

ఇలాంటి చోట కంప్యూటర్‌నే అడగాలి. లినక్స్ ఉంటే డిస్కు గుచ్చి ఈ ఆదేశం ఇస్తే చాలు.

```
lsusb -t
```

వచ్చే జాబితాలో ఆ డిస్కు వరస చివర `480M` ఉంటే అది 2.0గా కలిసింది, `5000M` ఉంటే 3.0గా, `10000M` ఉంటే అంతకు మించిన రకంగా కలిసింది. ముందు సాకెట్‌లో ఒకసారి, వెనక సాకెట్‌లో ఒకసారి గుచ్చి చూస్తే తప్పు ఎక్కడుందో తేలిపోతుంది.

ఇంత చెప్పాక నల్ల సాకెట్లు పనికిరానివని అనుకోనక్కర్లేదు. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు మీద నీలివి రెండు, నల్లవి రెండు పెట్టారు. కీబోర్డు, మౌస్ పంపే సమాచారం ఎంతో కొద్ది, వాటికి తొలి యూఎస్‌బీ వేగమే ఎక్కువ. మరో కారణం కూడా ఉంది. యూఎస్‌బీ 3 నడుస్తున్నప్పుడు వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో పడుతుందని 2012లో ఇంటెల్ ఒక పత్రంలో వివరించింది. వైర్‌లెస్ మౌస్‌లు చాలావరకు ఆ పట్టీలోనే మాట్లాడుకుంటాయి. నీలి సాకెట్‌లో డిస్కు పనిచేస్తుండగా మౌస్ బాణం తడబడుతుంటే, మౌస్ రిసీవర్‌ను దానికి దూరంగా ఉన్న నల్ల సాకెట్‌లోకి మార్చి చూడండి.