మూడురంగుల పిల్లి

మూడురంగుల పిల్లి అనగా తెలుపు, నలుపు, నారింజ రంగుల మచ్చలు కల పిల్లి. ఆంగ్లములో దీనిని కాలికో అంటారు. కేరళలోని కాలికట్ (కోళిక్కోడు) రేవు పేరుమీద పిలువబడిన నూలుబట్ట నుండి ఈ పేరు వచ్చినది. తెలుపు లేక, నలుపు నారింజ రంగులు మాత్రమే కలగలిసి ఉంటే తాబేటిచిప్ప రంగు పిల్లి అంటారు. ఇవి జాతుల పేర్లు కావు, బొచ్చు రంగును బట్టి వచ్చినవి. ఇటువంటి పిల్లులు దాదాపుగా అన్నీ ఆడవే.

కారణము

పిల్లి బొచ్చుకు నారింజ రంగునిచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉన్నది. అక్కడ సుమారు 5,000 క్షారయుగ్మాల డీఎన్ఏ ముక్క లోపించడమే నారింజ రంగుకు మూలమని 2025లో అమెరికా, జపాను పరిశోధకులు వేర్వేరుగా ప్రచురించారు. ఆ ముక్క లోపించని క్రోమోజోము ఉంటే బొచ్చు నల్లగా, లేదా నల్లని చారలతో ఉంటుంది.

మగపిల్లికి ఎక్స్ క్రోమోజోము ఒక్కటే కనుక అది నారింజ రంగుదైనా కావాలి, నల్లదైనా కావాలి. ఆడపిల్లికి రెండు ఉంటాయి గనుక ఒకటి నారింజకు, మరొకటి నలుపుకు చెందవచ్చును. ఉదాహరణకు నారింజ రంగు మగపిల్లికి, నల్లని ఆడపిల్లికి పుట్టిన మగకూనలన్నీ తల్లివలె నల్లగా ఉంటాయి. ఆడకూనలన్నీ రెండు రంగులతో పుడతాయి.

రెండు జన్యువులూ ఉన్నప్పుడు రంగులు కలిసిపోక మచ్చలుగా ఏర్పడటానికి కారణము వేరు. పిండము తొలిదశలో ఉండగానే ప్రతి కణము తన రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒకదానిని పనిచేయకుండా ఆపివేస్తుంది. ఏది ఆగుతుందన్నది యాదృచ్ఛికము. ఆ కణము నుండి పుట్టిన కణాలన్నీ అదే ఎంపికను నిలుపుకుంటాయి కాబట్టి ఒక్కొక్క కణసంతతి ఒక్కొక్క మచ్చ అవుతుంది. క్షీరదాలలో జరిగే ఈ ప్రక్రియను 1961లో బ్రిటిషు శాస్త్రవేత్త మేరీ లయన్ ప్రతిపాదించినది. తెలుపుకు మాత్రం ఎక్స్ క్రోమోజోముతో సంబంధము లేదు. అది వేరొక జన్యువు వలన, రంగు కణాలు చేరని చోట ఏర్పడుతుంది.

నకలు పిల్లి

2001 డిసెంబరు 22న అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయములో తొలి క్లోనింగు పిల్లి సీసీ పుట్టినది. దాని మూలము రెయిన్‌బో అనే మూడురంగుల పిల్లి. జన్యువులు ఒకటే అయినా సీసీ ఒంటిపై నారింజ మచ్చ ఒక్కటీ లేదు. తెలుపు, నల్లని చారల గోధుమ రంగు మాత్రమే ఉన్నాయి. క్లోనింగుకు వాడిన కణములో నారింజ జన్యువు కల ఎక్స్ క్రోమోజోము అప్పటికే ఆగిపోయి, పిండములోనూ అలాగే ఉండిపోవడమే దీనికి కారణమని వివరిస్తారు. యజమానికి తన పిల్లి రంగులే మళ్ళీ కావాలంటే క్లోనింగు పనికిరాదని దీనితో తేలినది.

మగపిల్లులు

అరుదుగా మగపిల్లికి రెండు ఎక్స్ క్రోమోజోములతో పాటు వై క్రోమోజోము కూడా ఉంటుంది. అప్పుడు మగది కూడా మూడురంగులతో పుట్టవచ్చును. ఇటువంటివి సాధారణంగా సంతానోత్పత్తికి పనికిరావు.