ఊడొచ్చే బుడిపె, ఊడిరాని ముడి

టమాటా, వంగ, బెండ వేళ్లకు ముడులుంటే ముందుగా నులిపురుగునే అనుమానించాలి. ఆ పంటలకు నత్రజని బుడిపెలు రావు. చిక్కంతా అలసంద, చిక్కుడు దగ్గరే. వాటికి రెండూ ఉండొచ్చు, ఒకే వేరుకు కూడా.

మొక్కను పట్టి లాగకండి, బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి. పారతో మట్టిగడ్డతో సహా తవ్వి, నీళ్లలో నానబెట్టి కడగండి. తర్వాత బొటనవేలితో నెట్టి చూడండి. బుడిపె వేరుకు పక్కన అంటుకుని ఉంటుంది, ఇట్టే ఊడొస్తుంది. ముడి అలా కాదు, వేరు లోపలినుంచి ఉబ్బితే వచ్చింది. తీయబోతే వేరు తెగుతుంది.

ఊడిన బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగుంటే అది పనిచేస్తున్నట్టే. కాయ ముదిరే వేళకు అదే ఆకుపచ్చగానో గోధుమరంగుగానో మారుతుంది కాబట్టి రంగొక్కటే చూసి తేల్చకూడదు. ముడిలో ఆ గులాబీ ఉండదు. భూతద్దం పెడితే ముత్యాల్లాంటి తెల్లని ఆడపురుగులు కనిపించొచ్చు.