పేపరు చెప్పింది, పక్కింటావిడ ఒప్పించింది

1940లో అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ, ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో ఒక హోటల్ వెయిట్రెస్ మనసు మార్చుకుంది. రిపబ్లికన్ అభ్యర్థి వెండెల్ విల్కీ మంచి అధ్యక్షుడవుతాడని మొదట్లో ఆమె అనుకుంది. తర్వాత పనికిరాడని తేల్చేసుకుంది. కారణమేమిటని అడిగితే, పేపర్లో కాస్తో కూస్తో చదివిన మాట నిజమే గానీ, అసలు సంగతి హోటల్‌కి వచ్చేవాళ్లు అనుకునే మాటలని చెప్పింది.

ఆ జవాబు రాసుకున్నది పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం. వియన్నా నుంచి అమెరికా వచ్చిన ఈ సామాజిక శాస్త్రవేత్త నిజానికి వెతుకుతున్నది వేరు. రేడియో ఇంటింటికీ చేరిన రోజులవి. అందులో వచ్చే ప్రసంగాలు, పత్రికల్లోని సంపాదకీయాలు జనం ఓట్లను ఎలా తిప్పుతాయో పట్టుకోవాలని ఆయన ఈరీకి వెళ్లాడు. దాదాపు 600 మందిని ఎంచుకుని మే నుంచి నవంబరు వరకు నెలనెలా పలకరించారు. ఒకేసారి అడిగి వదిలేస్తే ఎవరు ఎప్పుడు మారారో తెలియదు కాబట్టి, అదే మనిషి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లడం ఈ అధ్యయనానికి ప్రాణం.

ఫలితం వాళ్ల అంచనాను తలకిందులు చేసింది. సగం మంది ఎవరికి ఓటేయాలో మే నెలకే నిర్ణయించుకున్నారు. ఒక పార్టీ నుంచి పూర్తిగా ఇంకో పార్టీకి మారినవాళ్లు నూటికి ఎనిమిది మంది. పైగా ప్రచారాన్ని శ్రద్ధగా విన్నదీ చదివిందీ ముందే తేల్చుకున్నవాళ్లే. ఎటూ తేల్చుకోనివాళ్లు వాటి జోలికే పెద్దగా పోలేదు. మరి ఆఖరు నిమిషంలో తేల్చుకున్నవాళ్లను కదిలించిందేమిటి? ఇంట్లోవాళ్లు, తోటి ఉద్యోగులు, ఇరుగుపొరుగు. ఏ రోజు చూసినా ప్రసంగం విన్నవాళ్ల కంటే, ఎన్నికల గురించి ఎవరితోనో మాట్లాడినవాళ్లే ఎక్కువ.

1944లో వచ్చిన పుస్తకంలో ఈ బృందం ఒక ఊహ ముందుకు తెచ్చింది. మీడియా చెప్పింది నేరుగా అందరికీ కాక, ముందు కొందరికి చేరుతుంది. వాళ్లు దాన్ని తమకు అర్థమైన తీరులో చుట్టుపక్కలవాళ్లకు చెబుతారు. ఆ కొందరికే ఒపీనియన్ లీడర్లని పేరు. వాళ్లను గుర్తించడానికి అడిగిన ప్రశ్నలు రెండే: ఈ మధ్య రాజకీయాల గురించి ఎవరినైనా ఒప్పించే ప్రయత్నం చేశారా? మిమ్మల్ని ఎవరైనా సలహా అడిగారా? చిక్కు కూడా ఇక్కడే ఉంది. ‘అవును, నన్నందరూ అడుగుతారు’ అని చెప్పుకునేవాళ్లకు ఏ ఊళ్లోనూ కొదవ ఉండదు. అవతలివాళ్లు నిజంగా వింటున్నారో లేదో ఎవరూ చూడలేదు.

ఆ లోటు తీర్చడానికే 1945లో ఇల్లినాయి రాష్ట్రంలోని డికేటర్‌లో ఇంకో అధ్యయనం జరిగింది. ఈసారి దాదాపు 800 మంది స్త్రీలను జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి కలిశారు. రాజకీయాల మాట అటుంచి, రోజువారీ సంగతులు కూడా అడిగారు. ఈ మధ్య వంటింటి సరుకుల్లో కొత్త బ్రాండుకు మారారా? బట్టల తీరు, జుట్టు తీరు మార్చారా? ఏ సినిమాకు వెళ్లారు? మారినవాళ్లను ‘ఎవరు చెబితే?’ అని అడిగి, వాళ్లు పేరు చెప్పిన మనిషిని వెతికి పట్టుకుని, ఆ సంభాషణ నిజంగా జరిగిందో లేదో ఆరా తీశారు. ఓపికతో చేసిన పని. ఆ రోజుల్లో ఇంత దూరం వెళ్లినవాళ్లు తక్కువ.

అందులో తేలింది చూస్తే, ఒపీనియన్ లీడర్ అనగానే మన కళ్ల ముందు మెదిలే పెద్దమనిషి బొమ్మ చెదిరిపోతుంది. సరుకుల విషయంలో మాట చెల్లుబాటైంది పెద్ద సంసారం ఈదుతున్న ఇల్లాలిది. నలుగురు పిల్లల్ని సాకుతూ పదిరకాలు వాడి చూసినావిడ మాటకు, ఆస్తి అంతస్తులతో నిమిత్తం లేకుండా, తనలాంటి ఇల్లాళ్లలోనే విలువ. ఫ్యాషన్‌కూ సినిమాకూ వచ్చేసరికి పెళ్లికాని అమ్మాయిలు ముందుకొచ్చారు. ప్రభుత్వ వ్యవహారాల్లో మాత్రం చదువు, హోదా ఉన్నవాళ్ల మాట నెగ్గింది. ఒక విషయంలో లీడరైన మనిషి ఇంకో విషయంలోనూ లీడర్ కావాలన్న నియమం లేదు. సబ్బు గురించి పక్కింటావిణ్ని నమ్మే మనిషి ఓటు గురించి ఆమెను అడగదు. ఈ లీడర్లు కూడా ఎవరి మాటో విని చెబుతున్నవాళ్లే కాబట్టి, అంచెలు రెండుతో ఆగవని కూడా అర్థమైంది. ఎలిహు కాట్జ్‌తో కలిసి లాజర్స్‌ఫెల్డ్ ఇదంతా 1955లో పుస్తకంగా తెచ్చాడు.

తర్వాత వచ్చిన విమర్శలో బలమైనది ఒకటుంది. వార్త చేరడం వేరు, నమ్మకం కలగడం వేరు. ఎవరు గెలిచారన్న సంగతి చాలామందికి రేడియో, టీవీల నుంచే నేరుగా తెలుస్తుంది. మధ్యలో మనిషితో పని లేదు. దాన్ని ఎలా తీసుకోవాలన్న దగ్గరే పక్కమనిషి వస్తాడు. తొలి పుస్తకం ఈ రెంటినీ కలిపేసింది.

ఇంకో దెబ్బ చాలా ఆలస్యంగా తగిలింది. 1950లలో ఇల్లినాయిలోని నాలుగు ఊళ్లలో డాక్టర్ల మీద ఒక అధ్యయనం జరిగింది. టెట్రాసైక్లిన్ అనే కొత్త మందును ఎవరెప్పుడు రాయడం మొదలుపెట్టారో మందుల షాపుల్లోని చీటీలు తిరగేసి లెక్కకట్టారు. తోటి డాక్టర్లతో రాకపోకలు ఎక్కువున్నవాళ్లు ముందుగా రాశారు. ఒంటరిగా ఉండేవాళ్లు వెనకబడ్డారు. మందు పేరు నోటి మాటగా పాకిందన్నారు. ఏళ్ల తరబడి పాఠ్యపుస్తకాలన్నీ అదే చెప్పాయి. 2001లో క్రిస్టోఫ్ వాన్ డెన్ బుల్ట్, గ్యారీ లిలియన్ అదే సమాచారాన్ని మళ్లీ తీసి, ఆ నెలల్లో కంపెనీలు చేసిన ప్రచారాన్ని కూడా లెక్కలో కలిపారు. అంతే, నోటి మాట ప్రభావం కనిపించకుండా పోయింది. ఇద్దరు స్నేహితులు ఒకే సమయంలో మారితే ఒకరు రెండోవారిని మార్చారనిపిస్తుంది. ఇద్దరినీ ఒకే ప్రకటన మార్చి ఉండొచ్చు. సోషల్ మీడియాలో ఫలానా ఇన్‌ఫ్లుయెన్సర్ వల్లే సరుకు అమ్ముడైందని చెప్పే ఏ లెక్కనైనా ఈ ప్రశ్న అడిగాకే నమ్మాలి.

ఆ అనుమానం తీరాలంటే పోల్చి చూసే ఏర్పాటు ముందే ఉండాలి. అలాంటి ప్రయత్నం మన దేశంలోనే జరిగింది. 1956లో ఆకాశవాణి, యునెస్కో కలిసి పూనా చుట్టుపక్కల జిల్లాల్లో దాదాపు 150 ఊళ్లలో రైతుల రేడియో సంఘాలు పెట్టించాయి. ఒక్కో సంఘంలో సుమారు ఇరవై మంది. వారానికి రెండు కార్యక్రమాలు, పది వారాలు. సంఘం కూర్చుని వింటుంది, రేడియో కట్టేశాక చర్చిస్తుంది, సందేహాలుంటే స్టేషన్‌కు రాస్తుంది. ఫలితాలను లెక్కగట్టింది పాల్ న్యూరాత్, లాజర్స్‌ఫెల్డ్ లాగే వియన్నా మనిషి. ఆయన సంఘాలున్న ఊళ్ల పక్కన, రేడియో ఉండి సంఘం లేని ఊళ్లను, అసలు రేడియోనే లేని ఊళ్లను కూడా పెట్టి చూశాడు.

సంఘాలున్న ఊళ్లలో వ్యవసాయం, ఆరోగ్యం గురించి తెలిసింది బాగా పెరిగింది. రేడియో మాత్రమే ఉన్న ఊళ్లలో పెరిగింది స్వల్పం. కార్యక్రమం ఒకటే, గొంతు ఒకటే. కొన్ని సంఘాలు చర్చతో ఆగలేదు. బావులు తవ్వించాయి, మేలుజాతి ఆబోతుల్ని, లెగ్‌హార్న్ కోళ్లను కొన్నాయి, పిల్లలకు బాల్వాడీలు తెరిచాయి.